భద్రపరచిన కార్డు ఎందుకు పలకదు: ఆత్రేయపురం దుకాణాల కోసం ఒక నేపథ్యం

ఆత్రేయపురం పూతరేకులు ఇప్పుడు వెబ్‌సైట్ల ద్వారా దూరపు ఊళ్లకూ వెళ్తున్నాయి. ఏడాదికి రెండు మూడుసార్లు, పండుగల ముందు మాత్రమే కొనేవారి నుంచి ఈ దుకాణాలకు తరచు వచ్చే ఫిర్యాదు ఒకటుంది: "పోయినసారి ఇదే కార్డుతో కట్టానండీ, ఇప్పుడు మీ సైటులో పోవడం లేదు." ఖాతాలో డబ్బుంది, అదే కార్డు పక్క దుకాణంలో పనిచేస్తోంది. తప్పు కొన్నవారిదీ కాదు, బ్యాంకుదీ కాదు.

దీని మూలం రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. దుకాణదారులు కార్డు వివరాలను తమ దగ్గర దాచుకోకూడదన్న ఆ నిబంధన, పలుమార్లు గడువు పొడిగించాక, 2022 అక్టోబరు 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. అంతకు ముందు సైటు కార్డు నంబరునే దాచుకునేది కనుక, కార్డు మారినా నంబరు అదే అయితే గడువు తేదీ ఒక్కటి దిద్దుకుంటే సరిపోయేది. ఇప్పుడు గుర్తు కోసం చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు మాత్రమే ఉంచుకోవచ్చు. అసలు నంబరు స్థానంలో వీసా, రూపే వంటి కార్డు నెట్‌వర్కు గానీ బ్యాంకు గానీ ఇచ్చిన టోకెన్ అనే మారు సంఖ్య ఉంటుంది. ఆ టోకెన్ ఒక కార్డుకూ, ఒక దుకాణానికీ, దుకాణం తరఫున డబ్బు వసూలు చేస్తూ దాన్ని కోరిన చెల్లింపు సంస్థకూ కలిపి కట్టిన ముడి. అందుకే దొంగిలించినా మరోచోట చెల్లదు. అందుకే ఈ మూడింటిలో ఏది మారినా అది తెగిపోతుంది.

కార్డు గడువు తీరి కొత్తది వచ్చినప్పుడు పాత టోకెన్‌ను దానంతటదే కొత్త కార్డుకు కలిపే ఏర్పాటు కొన్ని దేశాల్లో నెట్‌వర్కులు చేస్తాయి. మన దగ్గర 2021 సెప్టెంబరు నాటి ఉత్తర్వు ప్రకారం ఖాతాదారు స్పష్టంగా సమ్మతించనిదే అది కుదరదు; ఆచరణలో ఆ మనిషి సైటుకు తిరిగి వచ్చి, ఓటీపీ ఇచ్చి, కొత్త టోకెన్ చేయించుకోవలసి ఉంటుంది. తన కార్డు ఎక్కడెక్కడ ముడిపడి ఉందో మనిషికి తెలిసి ఉండాలి కనుక ఈ నియమం సరైనదేనని నా అభిప్రాయం. 2024లో మరో మార్పు తోడైంది: క్రెడిట్ కార్డు పునరుద్ధరణ వేళ నెట్‌వర్కును ఎంచుకునే వీలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చాలా బ్యాంకులను ఆదేశించింది. వీసా నుంచి రూపేకు మారితే నంబరే వేరవుతుంది, పాత టోకెన్‌కు ఇక దిక్కు లేదు.

ఒక సందర్భం చూద్దాం. హైదరాబాదులో ఉండే ఒకావిడ కార్డు నవంబరులో మారింది, నంబరు మాత్రం పాతదే. సంక్రాంతికి సైటులో భద్రపరచిన కార్డు మీద నొక్కారు; ఓటీపీ కూడా రాకుండానే చెల్లింపు విఫలమైంది. మళ్లీ మళ్లీ ప్రయత్నించి, విసిగి, కొత్త కార్డు వివరాలు మొత్తం నింపి కట్టి, భద్రపరచడానికి సమ్మతించారు. ఉగాదికి వచ్చేసరికి ఒకే బ్యాంకు పేరుతో, ఒకే చివరి నాలుగు అంకెలతో రెండు కార్డులు కనిపించాయి. ఆవిడ పైదాన్ని నొక్కారు. అది చచ్చిన టోకెన్. మళ్లీ విఫలమైంది.

ఓటీపీ పేజీ దాకా వెళ్లకుండా ఆగిందంటే చాలాసార్లు తప్పు టోకెన్‌లోనే ఉంటుంది. బ్యాంకు దాకా వెళ్లి తిరిగివస్తే కారణపు సంఖ్య చెబుతుంది: 54 అంటే గడువు తీరింది, 14 అంటే నంబరు చెల్లదు, 51 అంటే డబ్బు చాలలేదు. 51కి తర్వాత మళ్లీ ప్రయత్నించవచ్చు. మొదటి రెండింటికీ అదే టోకెన్‌తో ప్రయత్నించడం వృథా. అలాంటప్పుడు సైటు బుట్టను అలాగే ఉంచి, "మీ కార్డు మారి ఉండవచ్చు, కొత్త వివరాలు ఇవ్వండి" అని చెప్పి, పక్కనే యూపీఐ దారి చూపాలి. సమ్మతి గడిలో టిక్ ముందే పెట్టి ఉంచకూడదు; అది నియమమే. కొత్త టోకెన్ పనిచేశాక, అదే బ్యాంకు, అవే అంకెలు ఉండి విఫలమైన పాతదాన్ని జాబితా నుంచి తీసేయాలి. టోకెన్ రద్దయిందనీ, నిలిపివేశారనీ చెల్లింపు సంస్థ పంపే సమాచారాన్ని సైటు అందుకుంటే ఈ పని ముందే జరిగిపోతుంది, కానీ చిన్న దుకాణాల సైట్లు చాలావరకు దాన్ని చదవవు.

గడువు దగ్గరపడినవారికి ముందుగా సందేశం పంపుదామంటే ఒక చిక్కుంది. టోకెన్‌కు దాని సొంత గడువు ఉంటుంది. అది కార్డు గడువు కాదు. ఆ తేదీని నమ్మి "మీ కార్డు గడువు తీరుతోంది" అని పంపితే పొరపాటవుతుంది. బదులుగా పండుగకు నెల ముందు, "కార్డు మారి ఉంటే ఒకసారి సరిచూసుకోండి" అని పాత కొనుగోలుదారులందరికీ ఒకే మాట పంపడం మేలు. చెల్లింపు సంస్థను మార్చాలనుకునే దుకాణం మాత్రం, పాత టోకెన్లు కొత్త సంస్థ దగ్గర పనిచేస్తాయో లేదో ఒప్పందానికి ముందే రాతపూర్వకంగా అడగాలి. చేయవన్న జవాబు వస్తే ఆ మార్పును సంక్రాంతి అమ్మకాలు ముగిశాకే పెట్టుకోవాలి.