హయాలురోనిక్ యాసిడ్ రాస్తే ముఖం ఇంకా లాగుతోందా?

మారతహళ్లిలోని మా క్లినిక్‌కి మార్చిలో ఒక నెల్లూరు అమ్మాయి వచ్చింది. "మేడమ్, హయాలురోనిక్ యాసిడ్ నాకు పడట్లేదు. రాసిన గంటకే ముఖం లాగేస్తోంది, పొట్టు రాలుతోంది" అంది. ఎలా రాస్తున్నావమ్మా అని అడిగాను. స్నానం చేసి, ముఖం పూర్తిగా తుడుచుకుని, జుట్టు ఆరబెట్టుకున్నాక ఆరేడు చుక్కలు. జిడ్డవుతుందని పైన క్రీమ్ ఏదీ లేదు. ఇక సాయంత్రం దాకా ఆఫీసు ఏసీలో.

అపోహ: ఈ సీరం చర్మానికి నీరు అందిస్తుంది.

వాస్తవం: దాని పని ఉన్న నీటిని పట్టి ఉంచడం. పొడి ముఖం మీద ఆరేడు చుక్కలు రాస్తే దానికి దొరికేది ఆ చుక్కల్లోని నీరే. ఏసీ గాలికి అది కాసేపట్లో ఆరిపోతుంది. మిగిలేది పెద్ద అణువుల పలుచటి పొర. గంజి పెట్టిన చీర ఆరాక ఎలా బిరుసెక్కుతుందో ఇదీ అంతే. ఆమె చెప్పిన లాగుడు అదే.

పొట్టు సంగతి అక్కడే చూశాం. బుగ్గ మీద రాలుతున్న తెల్ల నలుసుల్ని తడి వేలితో నలిపితే జారుడుగా కరిగిపోయాయి. అంటే అది ఎండిన సీరం. చర్మం పొట్టు అలా కరగదు. ముక్కు పక్కన ఉన్నవి మాత్రం కరగలేదు.

అపోహ: చిన్న అణువులున్నదే మంచిది, లోతుకు వెళ్తుంది.

వాస్తవం: అణువు బరువును డాల్టన్లలో కొలుస్తారు. సుమారు 500 డాల్టన్లకు మించిన అణువు చర్మం పై పొరను దాటడం కష్టమని మేం వేసుకునే మోటు లెక్క. పది లక్షల డాల్టన్లు దాటిన పెద్ద అణువు పైనే ఉండి నీరు ఆవిరి కాకుండా కాస్త అడ్డుపడుతుంది. వేలల్లో ఉండే చిన్నది పై పొరలోకి కొంత దిగుతుంది, అంతకంటే పెద్దగా పోదు. ముడతలు, గుంతలు నింపడానికి చర్మం లోపలికి ఇచ్చే ఫిల్లర్ ఇంజెక్షన్ చేసే పని సీరం చేయలేదు. పైగా మరీ చిన్న ముక్కలు కొందరికి ఎరుపు, మంట తెప్పిస్తాయి. లేబుల్ మీద "హైడ్రోలైజ్డ్" అని ఉంటే ముక్కలు చేసినదని అర్థం. ముఖం తేలిగ్గా కందిపోయేవాళ్లకు నేను పెద్ద అణువులదే చెప్తాను.

ఆమెకు సీరం మార్చలేదు. ముఖం కడిగాక టవల్‌తో ఒక్కసారి అద్ది వదిలేయమన్నాను. చెయ్యి పెడితే తడి తగలాలి, నీళ్లు మాత్రం కారకూడదు. మరీ కారుతుంటే సీరం పలచబడి గడ్డం మీదుగా జారిపోతుంది. ఆ తడి మీద మూడు చుక్కలు, రుద్దకుండా అద్దాలి. అది పూర్తిగా ఆరకముందే పైన మామూలు మాయిశ్చరైజర్. జిడ్డు భయం ఉంటే జెల్ క్రీమ్ చాలు. ఈ మూత లేకపోతే తడి మీద రాసినా ఫలితం సగమే.

మూడు వారాలకు మళ్లీ వచ్చింది. లాగుడు తగ్గింది, బుగ్గల మీద నలుసుల్లేవు. ముక్కు పక్కన పొట్టు మాత్రం అలాగే ఉంది. అది సెబోరిక్ డెర్మటైటిస్, అంటే జిడ్డు ఎక్కువుండే చోట చర్మం ఎర్రబడి పొట్టు రాలే సమస్య. దానికి సీరంతో పనిలేదు, యాంటీ ఫంగల్ క్రీమ్ రాసిచ్చాను.