అపోహ: ముందు కడుపు నిండాలి, గౌరవం సంగతి ఆ తర్వాతే

అనంతపురంలో కౌన్సెలింగ్ చేసే నాకు చదువుకున్నవాళ్ల నోటి నుంచి తరచూ వినపడే మాట ఇది: "తిండికే లేనోళ్లకు మనసు గురించి ఏం చెప్తారు సార్? మాస్లో కూడా అదే అన్నాడు కదా!" మనిషి అవసరాలను వరసగా పేర్చిన అమెరికా మనస్తత్వవేత్త మాస్లో పేరుతో బీఈడీలోనో ఎంబీఏలోనో చూసిన త్రికోణం వాళ్లకు బాగా గుర్తు. అడుగున తిండి, నిద్ర, పైకి పోయేకొద్దీ భద్రత, మమత, గౌరవం, చివరన తనలోని సామర్థ్యాన్ని పూర్తిగా వెలికితీసుకునే ఆత్మసాక్షాత్కారం. కింది మెట్టు పూర్తయితే గానీ పైది మొదలవదని వీళ్ల నమ్మకం.

మాస్లో అలా అనలేదు. 1943 నాటి వ్యాసంలోనే ఈ వరస అంత బిగుతైనది కాదని రాశాడు. ఆశయం కోసం ప్రాణాలిచ్చేవాళ్లనూ, ప్రేమ కన్నా గౌరవమే ముందనుకునేవాళ్లనూ ఆయనే ప్రస్తావించాడు. ఇక ఆ త్రికోణం బొమ్మ తర్వాత మేనేజ్‌మెంట్ రచయితలు గీసింది, దాని గురించి వాదన అనవసరం.

ఈ అపోహ వల్ల నష్టపోయేది అప్పుల్లో ఉన్న కుటుంబాలు. నా దగ్గరికి వచ్చిన ఒక వేరుశనగ రైతునే చూడండి. పంట పోయింది, మనిషి తిండి మానేశాడు. చుట్టాలు బియ్యం పంపారు, కొంత డబ్బూ సర్దారు. అయినా ముద్ద దిగలేదు. "ఎప్పటి నుంచి తినడం లేదమ్మా?" అని భార్యను అడిగితే అసలు సంగతి బయటపడింది. అప్పిచ్చినాయన టీ అంగడి కాడ పదిమందిలో నిలదీశాడు. ఆ రోజు నుంచి ఈయన అంగడికి పోలేదు, బామ్మర్ది ఇంట్లో పెళ్లికీ పోలేదు. "యా మొగం పెట్టుకోని పోవాల సార్?" అన్నాడు.

ఆగింది అడుగు మెట్టు, కారణం మాత్రం పైన గౌరవం దగ్గర ఉంది. ముందు సైకియాట్రిస్టుకు చూపించాం. ఎవరికెంత, వడ్డీ ఎంత అని బాకీలన్నీ కాగితం మీద పెట్టించాం. వాళ్ల పెదనాయన కొడుకు వెంట పోయి గడువు మాట్లాడాడు, వీధిలో అడగొద్దని ఒప్పించాడు. తర్వాత ఆ అన్నే రోజూ టీకి వెంటబెట్టుకుని పోయేవాడు. అప్పు దాదాపు అంతే ఉంది, మనిషి మాత్రం మెల్లగా అన్నం తినడం మొదలుపెట్టాడు.

2011లో టే, డీనర్ అనే పరిశోధకులు 123 దేశాల సర్వే సమాచారం పరిశీలించారు. కనీస అవసరాలు పూర్తిగా తీరనివాళ్లకు కూడా ఆప్యాయత, గౌరవం వల్ల సంతోషం కలుగుతోందని తేలింది. అలాగని ఆకలి చిన్న విషయం కాదు. తిండి లేనివాళ్లు తమ జీవితానికి మొత్తం మీద ఇచ్చుకునే మార్కులు తగ్గుతాయని కూడా అదే సర్వేలో కనిపించింది. బియ్యం ఇవ్వాల్సిందే, కానీ బియ్యం ఇచ్చాం కదా అని అక్కడితో ఆగకూడదు.

మీ ఇంట్లో ఎవరైనా తిండి మానేస్తే "తిను, తిను" అని టెన్షన్ పెట్టకండి. ఎవరిని కలవడం మానేశారో, ఏ దారిన పోవడం మానేశారో కనుక్కోండి. చావు మాట ఎత్తితే మాత్రం ఆగొద్దు, మనిషిని ఒంటరిగా వదలకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు వెంటనే ఫోన్ చేయండి.