ఖాళీ ట్రే, నిండు ట్రే

మాతో పనిచేసే కుర్రాడొకడు ఈమధ్య కంప్యూటర్‌లో ఒక యానిమేషన్ షాట్ చేశాడు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కలాసీ ఒకతను నిండు చేపల ట్రే ఎత్తుతాడు, నాలుగడుగులు వేస్తాడు, చెయ్యి జారి పడేస్తాడు. బొమ్మ బాగుంది, వెలుగు బాగుంది. ట్రేలో మాత్రం చేపలు కాదు, దూది ఉన్నట్టుంది. వాడు మొహంలో కష్టం పెంచాడు, నుదుట చెమట పెట్టాడు. దూది మోస్తూ ఏడుస్తున్న మనిషి తయారయ్యాడు.

గదిలో ఖాళీ అట్టపెట్టె పట్టుకుని నటించి, దాన్ని నమూనాగా వీడియో తీసుకోవచ్చుగా అన్నాడు. నేనూ ఒకప్పుడు అదే చేసి దెబ్బతిన్నాను. 1980ల మొదట్లో రూనెసన్, ఫ్రిక్‌హోమ్ అనే స్వీడన్ పరిశోధకులు మనుషుల కీళ్ల దగ్గర మెరిసే అతుకులు అంటించి, వాళ్లు పెట్టెలు ఎత్తుతుంటే చిత్రీకరించారు. తెర మీద మొహం లేదు, కండలు లేవు, కదిలే చుక్కలే. అయినా చూసినవాళ్లు పెట్టె బరువు దాదాపు సరిగ్గానే చెప్పగలిగారు. తేలిక పెట్టెని బరువైనట్టు ఎత్తి మోసం చేయబోతే, ఆ నటననీ పసిగట్టారు. అందుకే తెల్లారుజామునే హార్బర్‌కి వెళ్లాం. ఒకే మనిషి చేత ముందు ఖాళీ ట్రే, తర్వాత నిండుది ఎత్తించాం.

"ఏటి బాబూ, ఖాళీది ఎత్తితే ఏటుంటాది చూడ్డానికి?" అని నవ్వాడతను.

చాలా ఉంది. ఖాళీ ట్రేకి నడుము వంచాడు, మోచేతులు మడిచాడు, అది లేచింది. నిండు ట్రేకి ముందు పాదాలు సర్దుకున్నాడు, దగ్గరికి జరిగాడు, పట్టు బిగించాడు. మోచేతులు తాళ్లలా సాగాయి, తుంటి వెనక్కి దిగింది, భుజాలు కిందికి లాగినట్టయ్యాయి. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన తొమ్మిది ఫ్రేములు ఒళ్లంతా కదిలింది, ట్రే మాత్రం నేలని వదల్లేదు. ఆ తొమ్మిది ఫ్రేముల్లోనే బరువు కనబడుతుంది.

మావాడి షాట్‌లో మొదటి ఫ్రేము నుంచే చేతులూ ట్రే కలిసి లేచాయి. కారణం చిన్నది. వాడు సాఫ్ట్‌వేర్‌లో ట్రేని చేతులకి కట్టాడు, కాబట్టి చెయ్యి ఎటు పోతే ట్రే అటు పోయింది. తిప్పి కట్టమన్నాను: చేతులు ట్రేకి అతుక్కోవాలి. అప్పుడు ట్రేని నేల మీదే ఉంచి తుంటిని కదిపితే, మోచేతులు వాటంతటవే సాగుతాయి. తుంటి పైకి మళ్లిన తర్వాతే ట్రే కదలాలి, అదీ నిదానంగా మొదలవ్వాలి.

ఇక ఎత్తి నిలబడ్డాక. మనిషి 60 కిలోలు, ట్రే 40 కిలోలు అనుకుందాం. ట్రే నడిబొడ్డు అతని గరిమనాభికి, అంటే ఒంటి బరువంతా ఒకచోట పోగుపడ్డట్టుండే బిందువుకి, 40 సెంటీమీటర్లు ముందుంది. మనిషికీ ట్రేకీ కలిపిన ఉమ్మడి గరిమనాభి పాదాల మధ్య మీద పడాలంటే, ట్రే 24 సెంటీమీటర్లు ముందుంటే అతని ఒళ్లు 16 సెంటీమీటర్లు వెనక్కి పోవాలి. నిటారుగా నిలబెట్టారో, చూసేవాడి కన్ను ఆ ట్రే ఖాళీదని తేల్చేస్తుంది.

పడేసే చోట మావాడు ఇంకో తప్పు చేశాడు. బరువు కదా అని ట్రేని గబుక్కున, ఐదు ఫ్రేముల్లో నేలకి దించాడు. 90 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడ్డానికి సుమారు పది ఫ్రేములు పడుతుంది, ఖాళీదైనా నిండుదైనా అంతే; ఇంత చిన్న ఎత్తులో గాలి చేసే తేడా కంటికి ఆనదు. మొదటి ఫ్రేములో అది సెంటీమీటరైనా దిగదు, ఐదో ఫ్రేముకి 21, పదో ఫ్రేముకి 85. తేడా నేల తగిలాక తెలుస్తుంది. ఖాళీ ప్లాస్టిక్ ట్రే ఎగిరి, దొర్లి, పక్కకి జారుతుంది. నిండుది ఒకటి రెండు ఫ్రేముల్లో నిలిచిపోతుంది. లోపలి ఐసు ముక్కలూ చేపలూ మాత్రం ఎగిరి చిందుతాయి.

అంతకన్నా పెద్ద తేడా మనిషిలో ఉంది, దాన్ని మేం షాట్ రెండోసారి చూస్తే గానీ గమనించలేదు. ట్రే జారిన క్షణాన అతని ఒళ్లు ఇంకా 16 సెంటీమీటర్లు వెనకే ఉంది. పాదం మధ్య నుంచి మడమ చివరికి ఉండేది 12 సెంటీమీటర్లే. అంటే ఇప్పుడతను మడమల అవతల నిలబడినట్టు. వెనక్కి అడుగు వెయ్యక తప్పదు. బరువు పోయిందన్న సంగతి కండలకి అందేదాకా, రెండు నుంచి ఐదు ఫ్రేములు, అవి పాత బలంతోనే లాగుతుంటాయి. అందుకని చేతులు పైకి ఎగురుతాయి, భుజాలు లేస్తాయి. మొహం ఆ తర్వాతే ఉలిక్కిపడాలి.

మావాడు ఆ వెనకడుగు పెట్టి, చెమట తీసేసి, షాట్ మళ్లీ చూపించాడు. ట్రే పడుతుంటే పక్కన కూర్చున్న అమ్మాయి తన కాళ్లు వెనక్కి లాక్కుంది.