వాంతిని ఆపే మాత్ర, గుండెలోని తూము

"పాపకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే డాక్టరు బరువు చూసి ఒండాన్సెట్రాన్ ఒక్క డోసు వేయించారు. వాంతి ఆగింది. తర్వాత చదివితే ఆ మందు గుండె లయను చెడగొడుతుందని ఉంది. మరి పసిపిల్లలకు ఎలా ఇస్తారు?" అని ఒక పాఠకురాలు అడిగారు. వాంతి ఆగడమూ నిజమే, గుండె సంగతీ నిజమే. ఒకే మందు రెండు చోట్ల రెండు పనులు చేస్తుంది. అది ఎప్పుడు భయపడాల్సిన విషయం, ఎప్పుడు కాదు అన్నది తెలియాలంటే గుండె కణంలోకి తొంగిచూడాలి. ముందుగా కడుపు సంగతి చెప్పుకుందాం.

రోటావైరస్ లాంటివి పేగు గోడలోని కొన్ని ప్రత్యేక కణాలను కదిలిస్తే అవి సెరటోనిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. మన ఒంట్లోని సెరటోనిన్‌లో సింహభాగం మెదడులో కాదు, పేగులోనే ఉంటుంది. అది పక్కనే ఉన్న వేగస్ నాడి కొసల మీది 5-HT3 గ్రాహకాలకు అంటుకుంటుంది. ఆ కబురు మెదడు కాండంలోని వాంతి కేంద్రానికి చేరుతుంది. ఒండాన్సెట్రాన్ ఆ గ్రాహకాల్లో ముందే కూర్చుని సెరటోనిన్‌కు చోటు లేకుండా చేస్తుంది. వైరస్‌ను అది ఏమీ చేయదు. విరేచనాలను కూడా తగ్గించదు, సరికదా కొద్దిగా పెంచవచ్చు. మందు పడ్డాక విరేచనాలు ఎక్కువయ్యాయని కంగారుపడి ఫోన్ చేసేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇక మోతాదు. కీమోథెరపీ రోగుల కోసం వచ్చిన ఈ మందును గ్యాస్ట్రోఎంటరైటిస్, అంటే వాంతులు విరేచనాల జబ్బు, వచ్చిన పిల్లల మీద పరీక్షించిన అధ్యయనాల్లో బాగా పేరున్నది 2006లో అమెరికాలో అచ్చయింది. 6 నెలల నుంచి 10 ఏళ్ల వరకు వయసున్న పిల్లలు 215 మందికి నోట్లో కరిగే మాత్ర గానీ, ఉత్తుత్తి మాత్ర గానీ ఒక్కసారి ఇచ్చి చూశారు. ఓఆర్ఎస్ తాగే సమయంలో వాంతి చేసుకున్నవాళ్లు ఉత్తుత్తి మాత్ర గుంపులో 35 శాతం, మందు గుంపులో 14 శాతం. సెలైన్ ఎక్కించాల్సి వచ్చినవాళ్లు కూడా సగానికి సగం తగ్గారు. ఆ అధ్యయనం వాడిన బరువు మెట్లే ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తున్నాయి: 8 నుంచి 15 కిలోల వరకు 2 మిల్లీగ్రాములు, 15 దాటి 30 వరకు 4, 30 దాటితే 8.

కిలోకి ఇంత అని లెక్కగట్టకుండా మెట్లెందుకు? కిలోకి 0.15 మిల్లీగ్రాముల లెక్కన 11 కిలోల పిల్లకు 1.65 మిల్లీగ్రాములు రావాలి. నోట్లో కరిగే మాత్రను అలా ముక్క చేయలేం. రద్దీలో దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే పదింతలు పడుతుంది. మెట్ల పద్ధతిలో ఆ ప్రమాదం పోతుంది. బదులుగా మెట్టు అంచుల్లో కాస్త హెచ్చుతగ్గులు వస్తాయి. 8 కిలోల పిల్లకు 2 మిల్లీగ్రాములంటే కిలోకి 0.25, 15 కిలోల పిల్లకు అదే 2 అంటే కిలోకి 0.13. కొసలు తీసుకుంటే దాదాపు రెండింతల తేడా. ఒక్క డోసు నోటి ద్వారా ఇచ్చేటప్పుడు ఆ తేడాను మందు తట్టుకుంటుంది. అదే డోసును పూటపూటకీ ఇచ్చుకుంటూ పోతే ఆ వెసులుబాటు ఉండదు.

11 కిలోల పిల్లనే తీసుకుందాం. వయసు ఏడాదిన్నర. ఉదయం నుంచి ఆరు వాంతులు, నాలుగు నీళ్ల విరేచనాలు. కళ్లు కాస్త లోతుకు పోయాయి, ఆబగా తాగుతోంది, తాగింది తాగినట్టే కక్కేస్తోంది. ముందు త్రాసు మీద నిలబెట్టి తూచాలి. అమ్మ చెప్పిన బరువు మూడు నెలల కిందటిది కావచ్చు. డోసు 2 మిల్లీగ్రాములు. సిరప్ అయితే సీసా మీది గాఢత చదవాలి. 5 మిల్లీలీటర్లలో 2 మిల్లీగ్రాములున్న సీసా ఉంది, 4 ఉన్న సీసా కూడా ఉంది. "ఒక చెంచా" అన్న మాట ఒక సీసాకు సరైన డోసు, ఇంకో సీసాకు రెండింతలు. కాబట్టి చీటీలో మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు రెండూ ఉండాలి. కొలత సూది లేని సిరంజితో. మాత్ర అయితే రేకు వెనక నుంచి నొక్కి తీయకూడదు, పొడైపోతుంది. రేకు ఒలిచి, పొడి చేతితో తీసి నాలుక మీద పెట్టాలి. నాలుక మీద కరిగినంత మాత్రాన అక్కడే రక్తంలో కలుస్తుందనుకోకండి. లాలాజలంతో మింగితేనే, పేగు నుంచే ఎక్కుతుంది. అందుకే 15 నిమిషాల లోపు కక్కితే ఆ డోసు మరొక్కసారి ఇవ్వడం పరిపాటి. ఆ తర్వాత కక్కితే మళ్లీ ఇవ్వరు.

పావుగంట, అరగంట ఆగి ఓఆర్ఎస్ మొదలుపెట్టాలి. ఈ పిల్లకున్న ఓ మోస్తరు నిర్జలీకరణకు కిలోకి 75 మిల్లీలీటర్లు, అంటే 825 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో పోవాలి. నిమిషానికి మూడున్నర మిల్లీలీటర్లన్నమాట. ఐదు మిల్లీలీటర్ల చెంచా ఒకటిన్నర నిమిషానికోసారి. కడుపుకు విశ్రాంతి అంటూ గంటల తరబడి ఎండగట్టే అలవాటు ఇంకా పోలేదు. ఇది మందు కొనిచ్చిన సమయాన్ని చేజేతులా పారబోసుకోవడమే.

ఇప్పుడు గుండె.

ప్రతి కొట్టుకోడానికీ ముందు గుండె కణం విద్యుదావేశంతో చెరువులా నిండుతుంది. తర్వాతి కొట్టుకోడానికల్లా ఆ చెరువు ఖాళీ కావాలి. ఖాళీ చేసే ముఖ్యమైన తూము ఒక పొటాషియం మార్గం, దాని పేరు హెర్గ్. కణంలోని పొటాషియం దీని గుండా బయటికి పోతేనే కణం మళ్లీ నిమ్మళిస్తుంది. నిండడం మొదలైనప్పటి నుంచి ఖాళీ అయ్యేదాకా పట్టే కాలమే ఈసీజీలో కనిపించే క్యూటీ. ఈ తూముకో అలుసు ఉంది. లోపలి గొంతు వెడల్పుగా ఉండడం వల్ల రకరకాల మందుల అణువులు అందులో ఇరుక్కుంటాయి. ఒండాన్సెట్రాన్ కూడా అంతే. తూము కొంత మూసుకుంటే చెరువు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, క్యూటీ సాగుతుంది. మరీ సాగితే పాత నీరు పోకముందే కొత్త అల ఎగసిపడుతుంది. అప్పుడు పుట్టేదే టోర్సాడ్ అనే మెలితిరిగిన లయ. పిల్ల ఉన్నట్టుండి కుప్పకూలుతుంది, కొన్నిసార్లు ఫిట్స్ వచ్చినట్టు కనిపిస్తుంది.

విద్యార్థులకు క్యూటీని సాగదీసే మందుల జాబితాను బట్టీ పట్టిస్తారు, తూమును చూపించరు. చూపిస్తే జాబితా అక్కర్లేదు. రెండు మందులు కలిస్తే ఎందుకు ప్రమాదం? రెండూ అదే గొంతులో ఇరుక్కుంటాయి. అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు, డోంపెరిడోన్ అనే వాంతి మందు అలాంటివే. వాంతికి ఒకటి పనిచేయలేదని ఒండాన్సెట్రాన్ మీద డోంపెరిడోన్ వేయడం అందుకే తప్పు. పుట్టుకతో లాంగ్ క్యూటీ ఉన్న పిల్లకు ఎందుకు ఇవ్వకూడదు? వాళ్లలో చాలామందికి ఏదో ఒక తూము ముందే పూడిపోయి ఉంటుంది. మామూలు గుండెకు పక్కన ఇంకో పొటాషియం తూము ఉంది, ఒకటి మొరాయిస్తే అది ఆదుకుంటుంది. ఆ ఆదరువు లేనివాళ్లకే చిన్న అడ్డు కూడా పెద్దదవుతుంది.

అన్నింటికన్నా విచిత్రం పొటాషియం తగ్గినప్పుడు జరిగేది. విరేచనాలతో రక్తంలో పొటాషియం పడిపోతుంది. బయట నీటిమట్టం తగ్గితే లోపలి నీరు ఇంకా జోరుగా పారాలి కదా? ఈ తూములో మాత్రం తిరగబడుతుంది. బయట కొంత పొటాషియం ఉంటేనే దాని తలుపు తెరిచి నిలుస్తుంది. తగ్గిందంటే తలుపు మూసుకుపోయేవైపే మొగ్గుతుంది, మందు అణువు కూడా గట్టిగా పట్టుకుంటుంది. మెగ్నీషియం తగ్గడం దీనికి తోడైతే అల ఎగసిపడటం మరీ తేలిక. అంటే గ్యాస్ట్రోఎంటరైటిస్ స్వయంగా తూమును ఇరుకు చేసే జబ్బు, దానికి మనం ఇచ్చే మందు కూడా అదే తూములో ఇరుక్కునేది.

మరి ఒక్క డోసును పిల్లలు ఎలా తట్టుకుంటున్నారు? ఎన్ని తూములు మూసుకుంటాయన్నది రక్తంలో మందు ఎంత ఎత్తుకు లేస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. పెద్దవాళ్లలో కొలిచినప్పుడు నరంలోకి 32 మిల్లీగ్రాములు ఒకేసారి ఎక్కిస్తే క్యూటీ సుమారు 20 మిల్లీసెకన్లు సాగింది, 8 ఎక్కిస్తే సుమారు 6. అందుకే 2012లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఆ 32 మిల్లీగ్రాముల డోసును వద్దంది. నోటి ద్వారా వేసిన మందులో రమారమి 40 శాతాన్ని కాలేయం దారిలోనే కత్తిరిస్తుంది, మిగిలింది గంటా రెండు గంటల్లో మెల్లగా లేస్తుంది, శిఖరం పొట్టిగా ఉంటుంది. 2014లో అచ్చయిన సమీక్ష ఒకటి, నోటి ద్వారా ఒక్క డోసు తర్వాత లయ చెడిన కేసు ఒక్కటీ దొరకలేదని తేల్చింది. కాబట్టి వేరే ముప్పు లేని పిల్లకు నోటి ద్వారా ఒక్క డోసు ముందు ఈసీజీ అక్కర్లేదు. అడగాల్సిన ప్రశ్నలు మాత్రం అడగాలి. ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా పోయారా? పిల్ల పరుగెత్తుతూనో, ఉలిక్కిపడో స్పృహ తప్పిందా? పుట్టు చెవుడుందా? గుండె జబ్బుందా? ఇంకే మందులు పడుతున్నాయి?

ఈసీజీ తీస్తే ఇంకో ఉచ్చు ఉంది. నీళ్లు తగ్గిన పిల్ల గుండె నిమిషానికి 150 కొట్టుకుంటోంది, కొలిచిన క్యూటీ 300 మిల్లీసెకన్లు అనుకుందాం. రెండు కొట్టుకోవడాల మధ్య విరామం 0.4 సెకన్లు. గుండె వేగాన్ని బట్టి క్యూటీని సరిచేయడానికి యంత్రం వాడే బాజెట్ సూత్రం ప్రకారం 300ను 0.4 వర్గమూలంతో భాగిస్తే 474 వస్తుంది, అనుమానించాల్సిన అంకె. ఫ్రిడెరీషియా సూత్రం ప్రకారం ఘనమూలంతో భాగిస్తే 407, ఏ దోషమూ లేదు. వేగంగా కొట్టుకునే గుండెను బాజెట్ ఎక్కువచేసి చూపిస్తుంది. యంత్రం అచ్చేసిన అంకెనే నమ్మకుండా రెండో లెక్క కూడా కట్టాలి.

ఇప్పుడు మన 11 కిలోల పిల్లనే మార్చి చూద్దాం. విరేచనాలు మొదలై నాలుగో రోజు. ఇంట్లో ఒట్టి నీళ్లే పట్టారు. మెడ నిలపలేకుండా వాలిపోతోంది, పొట్ట ఉబ్బింది, అజిత్రోమైసిన్ నడుస్తోంది. బరువు మెట్టు ప్రకారం డోసు అదే 2 మిల్లీగ్రాములు. ఈ పిల్లకు మాత్రం ముందు పొటాషియం, మెగ్నీషియం పరీక్ష, ఈసీజీ, లోటు ఉంటే దాన్ని పూడ్చడం. మందు మాట ఆ తర్వాతే. ఉబ్బిన పొట్టకు పేగు స్తంభించడమో, మడతపడటమో కారణమైతే ఒండాన్సెట్రాన్ వాంతిని ఆపి ఆ సంగతిని కప్పిపెడుతుంది కూడా. ఆకుపచ్చ వాంతి, రక్తం, విడవని కడుపునొప్పి, విరేచనాలు లేకుండా వాంతులు మాత్రమే ఉండటం, మత్తు, తలనొప్పి ఉంటే వాంతి ఆపడం కన్నా దాని కారణం వెతకడం ముందు. 6 నెలల లోపు పసివాళ్లకు పై బరువు మెట్లు వర్తించవు.

మొదటి పిల్లకు పట్టిన 825 మిల్లీలీటర్ల ఓఆర్ఎస్‌లో పొటాషియం లీటరుకు 20 మిల్లీమోల్స్ చొప్పున సుమారు 16న్నర మిల్లీమోల్స్ ఉంటుంది, కిలోకి ఒకటిన్నర. వాంతి ఆగితే తాగగలిగిన ఆ ద్రవమే హెర్గ్ తూము బయట తగ్గిన పొటాషియాన్ని తిరిగి నింపుతుంది. ఒట్టి నీళ్లు ఆ పని చేయవు.