పార్టు బరువు లెక్కలు: అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్‌లో గీసిన పార్టుకు మెటీరియల్ ఎంచుకుంటే ద్రవ్యరాశి, గురుత్వ కేంద్రం, జడత్వ భ్రామకాలు మూడూ ఒకే పెట్టెలో వచ్చి పడతాయి. 200 మి.మీ. పొడవు, 100 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం ఉన్న ఉక్కు పలకతో వాటి మీద ఉన్న అపోహలను పరీక్షిద్దాం.

అపోహ: మెటీరియల్ ఇవ్వకపోతే సాఫ్ట్‌వేర్ బరువు చూపదు.

చూపుతుంది, అదే చిక్కు. సాలిడ్‌వర్క్స్ అలాంటప్పుడు ఘనపు మీటరుకు 1000 కిలోల సాంద్రత తీసుకుంటుంది, అంటే నీటి సాంద్రత. మన పలక ఘనపరిమాణం 200 ఘనపు సెం.మీ. కాబట్టి తెర మీద 200 గ్రాములు కనిపిస్తుంది. ఉక్కు సాంద్రత ఘనపు సెం.మీ.కు 7.85 గ్రాములతో లెక్కిస్తే రావలసింది 1570 గ్రాములు. గ్రాముల్లో ఉన్న ద్రవ్యరాశిని ఘనపు సెం.మీ.లలో ఉన్న ఘనపరిమాణంతో భాగించి చూడండి. సరిగ్గా 1 వస్తే మెటీరియల్ ఇవ్వడం ఎవరో మరచిపోయినట్టే.

అపోహ: గురుత్వ కేంద్రం సరిపోయింది కాబట్టి సాంద్రత కూడా సరైనదే.

ఒకే మెటీరియల్‌తో చేసిన పార్టులో గురుత్వ కేంద్రం ఆకారాన్ని బట్టే ఉంటుంది. ఉక్కు అన్నా, అల్యూమినియం అన్నా కదలదు. అసెంబ్లీలో మాత్రం ఒక్క పార్టు సాంద్రత తప్పినా మొత్తం కేంద్రం పక్కకు జరుగుతుంది.

అపోహ: జడత్వ భ్రామకం అంటే ఒకటే అంకె.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఏ అక్షం చుట్టూ అన్నది చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. పలకకు లంబంగా, దాని మధ్య నుంచి పోయే అక్షం చుట్టూ లెక్కిస్తే 0.00654 కి.గ్రా.మీ² వస్తుంది. అదే అక్షాన్ని ఒక మూలకు జరిపితే 0.0262, అంటే నాలుగు రెట్లు. సాలిడ్‌వర్క్స్‌లో Lzz గురుత్వ కేంద్రం దగ్గరిది, Izz మీరు ఎంచుకున్న మూలబిందువు దగ్గరిది. పలక మూలలో కీలు బిగించి మోటారుతో తిప్పాలనుకుంటూ Lzz తీసుకుంటే, మోటారు చాలక ఆగిపోవచ్చు. అందుకే కీలు ఉన్నచోటే ఒక నిర్దేశాక్ష వ్యవస్థ పెట్టి, అక్కడి విలువ చదవడం నా అలవాటు.

అపోహ: తూకంతో తేడా వస్తే సాంద్రత కాస్త పెంచితే సరి.

డ్రాయింగ్ గడువు ముంచుకొస్తే ఈ పని చేయాలనిపిస్తుంది, నిజమే. కానీ పలక మధ్య నుంచి ఒకే వైపు 90 మి.మీ. దూరంలో మొత్తం 80 గ్రాముల బోల్టులు ఉన్నాయనుకుందాం, మోడల్‌లో వాటిని గీయలేదు. సాంద్రత 5 శాతం పెంచితే 1650 గ్రాముల బరువు కుదురుతుంది, జడత్వం కూడా 5 శాతమే పెరుగుతుంది. నిజానికి మధ్య అక్షం చుట్టూ అది దాదాపు 10 శాతం పెరగాలి. గురుత్వ కేంద్రం బోల్టుల వైపు నాలుగు మి.మీ. పైచిలుకు జరగాలి, మోడల్‌లో అదీ కదలదు. బోల్టులను గీసి వాటి మెటీరియల్ వాటికి ఇవ్వండి. తీరిక లేకపోతే అదే చోట 80 గ్రాముల చిన్న దిమ్మ పెట్టినా చాలు.