లాటిన్ మాట రాస్తే పిటిషన్‌కు బలం వస్తుందా? అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి కోర్టులో మా దగ్గరికి వచ్చే క్లయింట్లలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కాశీనగర్, గుణుపూర్ వైపు నుంచి వస్తారు. మహేంద్రతనయ దాటి పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్ళూ ఉంటారు. వాళ్ళ కేసు కాగితాలు మాత్రం ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉంటాయి. ఇంగ్లీషు కాగితం మధ్యలో ఎక్స్ పార్టే, మాలా ఫైడ్, వాయిడ్ అబ్ ఇనిషియో లాంటి లాటిన్ మాటలు కనిపిస్తే ఆ కుటుంబానికి నిద్ర పట్టదు. ఎక్స్ పార్టే అంటే ఒక పక్షం హాజరు కాకుండానే జరిగినది, మాలా ఫైడ్ అంటే దురుద్దేశంతో చేసినది, వాయిడ్ అబ్ ఇనిషియో అంటే మొదటి నుంచే చెల్లనిది. కొందరు ఇంకోరకంగా ఆలోచిస్తారు. "మన పిటిషన్‌లో కూడా అలాంటివి నాలుగు వేయండి బాబూ, అవతలివాళ్ళు బాగా వేశారు" అని అడుగుతారు. జూనియర్లు, టైపిస్టులు కూడా వాట్సాప్‌లో తిరిగే నమూనా పిటిషన్లు చూసి అవే మాటలు దించుతున్నారు. నాకు కోపం తెప్పించేది ఇలా లాటిన్ దించడమే, ఎందుకంటే దీనివల్ల జనం ఇళ్ళు, పొలాలు పోగొట్టుకుంటున్నారు.

అపోహ: లాటిన్ మాట పడితే ఆరోపణకు బలం వస్తుంది.

వాస్తవం: ఆ మాట ఆరోపణకు పేరు మాత్రమే పెడుతుంది. కోర్టుకు కావలసింది ఆ పేరు కింద ఉండాల్సిన సంగతులు. మోసం, తప్పుడు మాటలతో నమ్మించడం, నమ్మకద్రోహం, అనుచిత ఒత్తిడి లాంటివి చెప్పేటప్పుడు తేదీలతో సహా వివరాలు ఇవ్వాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6 రూల్ 4 చెబుతోంది. "మాలా ఫైడ్‌గా చేశారు" అని రాసి ఊరుకుంటే, ఎవరు ఏ రోజున ఏం చేశారో ఒక్క ముక్క కూడా చెప్పనట్టే.

దీనివల్ల ఎక్కువ నష్టం జరిగేది ఎక్స్ పార్టే డిక్రీలను రద్దు చేయించే పిటిషన్లలో. ఒక కేసు చెబుతాను. మనుషులను గుర్తుపట్టకుండా తేదీలు మార్చాను.

కాశీనగర్ దగ్గర పల్లెలో ఒకావిడ. భర్త లేరు. ఇంటి స్థలం తనదని భర్త అన్నగారు దావా వేశారు. కూతురు పురుడని ఆవిడ ఫిబ్రవరిలో విశాఖపట్నం వెళ్ళి జూన్ ఆఖరు దాకా అక్కడే ఉన్నారు. మార్చిలో కోర్టు సమన్లు అందించే ప్రాసెస్ సర్వర్ వచ్చి, తాళం చూసి, సమన్లు తలుపుకు అంటించి వెళ్ళిపోయాడు. ఆవిడ తిరిగి వచ్చేసరికి తలుపు మీద కాగితం లేదు. జూలై 12న ఎక్స్ పార్టే డిక్రీ అయింది. నవంబర్ 4న, డిక్రీని అమలు చేయమన్న ఎగ్జిక్యూషన్ పిటిషన్ నోటీసు చేతికి వచ్చాకే ఆవిడకు విషయం తెలిసింది.

ఎవరో రాసిచ్చిన పిటిషన్ నవంబర్ 26న దాఖలైంది. అందులో డిక్రీ మాలా ఫైడ్‌గా పొందినదని, ఎక్స్ ఫేసీ చెల్లదని, వాయిడ్ అబ్ ఇనిషియో అని, పిటిషనర్ బోనా ఫైడ్ అని, ప్రైమా ఫేసీ కేసు ఉందని మూడు పేజీల నిండా ఉంది. నవంబర్ 4 అనే తేదీ మాత్రం ఎక్కడా లేదు. విశాఖపట్నం ఊసే లేదు. అవతలి ప్లీడరు లేచి ఒకే మాట అన్నారు: డిక్రీ జూలై 12న అయింది, 30 రోజుల గడువు ఆగస్టు 11తో తీరిపోయింది, ఆలస్యాన్ని మన్నించమన్న పిటిషన్ కూడా లేదు. అప్పుడు ఆవిడ నా దగ్గరికి వచ్చారు. "ఏటి బాబూ, అన్ని పెద్ద పెద్ద మాటలు రాసినా జడ్జిగారు ఒప్పుకోరా?" అని అడిగారు. ఆవిడ కంగారు చూస్తే నాకు చాలా బాధేసింది. ఆవిడ వైపు న్యాయం ఉంది, కాగితంలోకే అది ఎక్కలేదు.

లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 123 ప్రకారం గడువు 30 రోజులే. మామూలుగా అది డిక్రీ తేదీ నుంచి మొదలవుతుంది. సమన్లు సరిగ్గా అందకపోతే మాత్రం డిక్రీ సంగతి తెలిసిన తేదీ నుంచి లెక్క. నవంబర్ 4న తెలిసింది కాబట్టి ఆ రోజును వదిలేసి లెక్కిస్తే ఆఖరి రోజు డిసెంబర్ 4. నవంబర్ 26 గడువులోపలే ఉంది. అంటే ఆవిడ ఆలస్యం చేయనే లేదు. ఆ ఒక్క తేదీ రాయనందుకు ఆలస్యం చేసినట్టు కనిపించింది.

మేము అదనపు అఫిడవిట్ వేశాం. అందులో లాటిన్ ఒక్కటే ఉంది, ఎక్స్ పార్టే. మిగతాదంతా మామూలు ఇంగ్లీషు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా విశాఖపట్నంలో కూతురింట్లో ఉన్నాను, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం జత చేశాను. సమన్లు తాళం వేసిన తలుపుకు అంటించారు, నాకు అందలేదు. నవంబర్ 4న నోటీసు వచ్చినప్పుడే డిక్రీ సంగతి తెలిసింది. ఇంతే. దానితోపాటు ప్రాసెస్ సర్వర్ రిపోర్టుకు సర్టిఫైడ్ కాపీ తీసుకున్నాం. తలుపుకు అంటించే ముందు ప్రతివాది కోసం తగినంత ప్రయత్నం చేయాలని, తొందరలో ఇంటికి వచ్చే అవకాశం లేనప్పుడే అంటించాలని ఆర్డర్ 5 రూల్ 17 అంటుంది. రిపోర్టులో ఒక్కసారి వచ్చినట్టే ఉంది. ఇరుగుపొరుగును అడిగినట్టు లేదు. సాక్షి సంతకం వాది మనిషిది. జాగ్రత్త కోసం, ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద పిటిషన్ కూడా పెట్టాం. కోర్టు ఖర్చులు కట్టమని చెప్పి డిక్రీ రద్దు చేసి, దావాను తిరిగి విచారణకు తీసుకుంది.

ఇలాంటి పిటిషన్ ఎవరిదైనా చదివేటప్పుడు మూడు చూడండి: తెలిసిన తేదీ ఉందా, ఎలా తెలిసిందో ఉందా, సమన్లు అందలేదంటున్నారా లేక అందినా రాలేకపోయామంటున్నారా. ఎక్స్ పార్టే డిక్రీ రద్దు గురించి చెప్పే ఆర్డర్ 9 రూల్ 13లో ఈ చివరి రెండూ వేరువేరు కారణాలు. నిజంగా సమన్లు తీసుకుని జబ్బు వల్ల రాలేకపోయినవాళ్ళు "అందలేదు" అని రాయకూడదు, సంతకం చూపించగానే మొత్తం పిటిషన్ మీద నమ్మకం పోతుంది. సమన్ల అందజేతలో చిన్న లోపం ఉన్నా, వాయిదా తేదీ ప్రతివాదికి ముందే తెలుసని, రావడానికి సమయం ఉందని తేలితే డిక్రీ రద్దు కాదు. ఇది కూడా ఆ రూల్‌లోనే ఉంది.

అపోహ: వాయిడ్ అబ్ ఇనిషియో అని రాస్తే గడువు పట్టదు, డిక్రీ దానంతటదే పోతుంది.

ఇది ఎవరు పుట్టించారో గానీ టీ కొట్టు దగ్గర కూడా వినిపిస్తోంది. సమన్లు అందలేదన్న కారణంతో డిక్రీని ఎదిరించాలంటే గడువులోపల రద్దు కోసం పిటిషన్ వేయాలి. డిక్రీ రద్దయ్యేదాకా ఎగ్జిక్యూషన్ నడవవచ్చు.

అపోహ: ఎక్స్ పార్టే అని పడితే కేసు అయిపోయింది.

అయిపోలేదు, భయపడకండి. డైరీలో "ఎక్స్ పార్టే" అని పడడం వేరు, ఎక్స్ పార్టే డిక్రీ వేరు. మొదటి దశలోనే ఉంటే తర్వాతి వాయిదాకు హాజరై, ముందు రాకపోవడానికి సరైన కారణం చూపి ఆర్డర్ 9 రూల్ 7 కింద అడగవచ్చు. అందుకే ముందు ఆర్డర్ షీట్ తీసి ఏ దశలో ఉందో చూడండి.

అపోహ: లాటిన్ అంతా తీసేసి మామూలు ఇంగ్లీషులో రాయాలి.

ఇదీ తప్పే. చట్టమే వాడిన మాటను మార్చకూడదు. ఇంగ్లండులో 1999 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సివిల్ నిబంధనలు ఎక్స్ పార్టే బదులు "వితౌట్ నోటీస్" అన్నాయి. మన కోడ్‌లో మాత్రం ఎక్స్ పార్టే అలాగే ఉంది, కాబట్టి మనం అదే రాయాలి. ఒకసారి తేలిన విషయాన్ని మళ్ళీ విచారించకూడదనే సెక్షన్ 11 పేరే రెస్ జుడికాటా. హేబియస్ కార్పస్, సెర్షియోరరై అనే రిట్ల పేర్లు రాజ్యాంగంలోనే ఉన్నాయి. మరి లిస్ పెండెన్స్? ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 శీర్షిక "దావా నడుస్తుండగా ఆస్తి బదిలీ" అనే అర్థంలో మామూలు ఇంగ్లీషులోనే ఉంది. రెస్ సబ్ జుడిస్ అని మనం పిలిచే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 10 శీర్షిక "స్టే ఆఫ్ సూట్". చట్టం తేలిక మాట వాడినచోట మనం కష్టమైనది వెతుక్కోవడం అనవసరం. ఇంటర్ అలియా, క్వా లాంటివి తీసేస్తే వాక్యానికి ఏ నష్టమూ రాదు.

స్పెల్లింగ్ సంగతి తొందరగా చెప్పేస్తాను. కోర్టు తనంతట తానే అని చెప్పే సూ మోటు అనేదానిలో చివరి అక్షరం యు, ఓ కాదు. "సూ మోటో" ఆర్డర్లలో కూడా కనిపిస్తుంది గానీ అది తప్పే. బోనా ఫైడ్, మాలా ఫైడ్ రెండేసి మాటలు, కలిపి రాయకూడదు, బోనా ఫైడ్ చివర డి అసలే రాదు. అవి విశేషణాలు. నామవాచకం కావాలంటే చివర ఎస్ చేర్చాలి, కాబట్టి "విత్ మాలా ఫైడ్" అని రాయడం పొరపాటు. ప్రైమా ఫేసీ చివర ఐ, ఇ వస్తాయి, ఎ రాదు. తీర్పులో ప్రసంగవశాత్తు అన్న వ్యాఖ్య ఒక్కటే అయితే ఒబిటర్ డిక్టమ్, ఎక్కువైతే డిక్టా. ఇంటర్ సే అంటే తమలో తాము, ఇంటర్ అలియా అంటే ఇతర విషయాలతోపాటు. భాగాల దావాలో ఇవి తారుమారైతే అర్థమే మారిపోతుంది.

ఇటాలిక్స్ లేకపోతే పిటిషన్ వెనక్కి పంపుతారని ఒక జూనియర్ రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. తిరిగి పంపేది కోర్టు ఫీజు తక్కువైతేనో, వెరిఫికేషన్ లేకపోతేనో, జత చేసిన కాగితాలు చాలకపోతేనో. కోడ్‌లో ఇటాలిక్స్ ఊసే లేదు. న్యాయ వ్యాసాలు రాసేవాళ్ళు పాటించే ఆక్స్‌ఫర్డ్ పద్ధతి ఆస్కోలా కూడా అల్ట్రా వైర్స్, రేషియో డెసిడెండై లాంటి వాడుక మాటలను నిటారు అక్షరాల్లోనే ఉంచమంటుంది. అరుదైన పదబంధానికి మాత్రం ఇటాలిక్స్ వేయండి, ఒకచోట వేస్తే అన్నిచోట్లా వేయండి. జడ్జిగారి కన్ను పడాల్సింది కేసు పేర్ల మీద, తేదీల మీద. పేజీ అంతా వాలిపోయిన అక్షరాలైతే ఏది ముఖ్యమో తెలియదు.

చివరగా, అగ్రిమెంట్లు రాయించుకునేవాళ్ళకు. ఐ.ఇ. అంటే "అంటే ఇవే". ఇ.జి. అంటే "ఉదాహరణకు". ఇల్లు అమ్మే అగ్రిమెంట్‌లో "సామానుతో సహా, ఐ.ఇ. ఫ్యాన్లు, మోటారు" అని పడితే ఆ రెండే వస్తాయి, వాటర్ ట్యాంకు రాదని అమ్మినవాళ్ళు వాదించవచ్చు. ఇ.జి. అని పడితే ఇంకేమేం వస్తాయో అన్నదాని మీద తగాదా మొదలవుతుంది. ఇలాంటిచోట రెండూ వద్దు. వచ్చే సామాను జాబితా పూర్తిగా రాయించి, కింద ఇద్దరూ సంతకాలు పెట్టండి.