గ్యాస్ బండ మీద D-25 అంటే ఏంటి?

నవంబరులో, అంటే 2025 నవంబరులో, మా చెల్లి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. గ్యాస్ సిలిండర్ పైభాగం, పట్టుకుని ఎత్తే గుండ్రటి రింగు, ఆ రింగును బండకు కలుపుతూ నిలువుగా ఉండే మూడు పట్టీలు. ఒక పట్టీ లోపలి వైపు నల్ల రంగుతో ఏదో రాసి ఉంది. కింద మెసేజ్: "అన్నయ్యా, ఇది ఎక్స్‌పైర్ అయిపోయిందట, పక్కింటి ఆంటీ చెప్పారు. అంటించొచ్చా, పేలుతుందా?"

ఫోటో పెద్దది చేసి చూశాను. చివర 25 స్పష్టంగా ఉంది. ముందున్న అక్షరం B నా, D నా? అక్కడే ఆగిపోయాను, ఎందుకంటే ఆ ఒక్క అక్షరం మీదే జవాబంతా ఆధారపడి ఉంది.

ఈ కోడ్ చదవడం తేలికే. ఏడాదిని నాలుగు ముక్కలు చేశారు. A అంటే జనవరి నుంచి మార్చి, B అంటే ఏప్రిల్ నుంచి జూన్, C అంటే జూలై నుంచి సెప్టెంబరు, D అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. పక్కన ఉన్న రెండంకెలు సంవత్సరం. కాబట్టి D-25 అయితే 2025 డిసెంబరు 31 దాకా సమయం ఉంది, B-25 అయితే జూన్ 30కే అయిపోయింది. చెల్లి ఇంటికి బండ వచ్చింది నవంబరులో. D అయితే ఏ ఇబ్బందీ లేదు, B అయితే ఆ బండ అసలు ఆ ఇంటికి రాకూడదు.

అక్షరం సంగతి తేల్చేముందు ఈ ఎక్స్‌పైరీ అనే మాట గురించి చెప్పాలి. ఫార్వర్డ్ మెసేజ్‌లన్నీ దీన్ని పాల ప్యాకెట్ మీద తేదీలా చూపిస్తాయి. గ్యాస్ పాడయ్యేది కాదు. ప్రొపేన్, బ్యూటేన్ ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. ఆ తేదీ గ్యాస్‌ది కాదు, ఇనప బండది. ఈ బండకు మళ్లీ పరీక్ష చేయాల్సిన గడువు ఫలానా మూడు నెలలతో ముగుస్తుంది అని దాని అర్థం. గడువు దాటిన బండను పరీక్ష చేయకుండా మళ్లీ నింపకూడదని మన గ్యాస్ సిలిండర్ నిబంధనలు చెబుతున్నాయి. అందుకే బాట్లింగ్ ప్లాంటులో ఈ కోడ్ చూసి గడువు వచ్చిన బండల్ని వరసలోంచి పక్కకు తీస్తారు. అంతేగానీ జూలై 1 పొద్దున్న బండ బాంబుగా మారిపోదు. జూన్ 30న ఎంత గట్టిగా ఉందో మర్నాడూ అంతే గట్టిగా ఉంటుంది. తేడా ఒక్కటే, అది గట్టిగానే ఉందని చెప్పడానికి ఇక మన చేతిలో ఆధారం లేదు.

ఆ ఆధారం ఎలా తయారవుతుందన్నది ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. బండను ఖాళీ చేసి, లోపల మిగిలిన గ్యాస్ పూర్తిగా తీసేసి, వాల్వు విప్పేసి, దాని నిండా నీళ్లు పోస్తారు. నీళ్లే, గాలి కాదు. తర్వాత పంపుతో ఆ నీళ్ల మీద ఒత్తిడి పెంచుతూ చదరపు సెంటీమీటరుకు 25 కిలోల దాకా తీసుకెళ్తారు. మీ బొటనవేలి గోరు వైశాల్యం ఇంచుమించు ఒక చదరపు సెంటీమీటరు. గోరంత చోటు మీద 25 కిలోల బియ్యం బస్తా పెట్టినట్టు, అదీ ఒకచోట కాదు, బండ లోపల ప్రతి గోరంత చోటు మీదా. మామూలు రోజుల్లో వంటింట్లో ఉన్నప్పుడు ఆ బండ భరించేది ఐదారు కిలోలే. అంటే రోజూ మోసే బరువుకు నాలుగైదు రెట్లు ఒకసారి మోయించి చూస్తున్నారు. ఇదంతా మోసే ఉక్కు గోడ మందం మూడు మిల్లీమీటర్ల లోపే.

మరి నీళ్లే ఎందుకు? గాలి కొట్టడం ఇంకా తేలిక కదా, తర్వాత ఆరబెట్టే పని కూడా ఉండదు. లెక్క వేసి చూద్దాం. 14.2 కిలోల బండలో సుమారు 33 లీటర్ల నీళ్లు పడతాయి. అంత ఒత్తిడి పెట్టినా నీళ్లు నలిగేది వెయ్యింట ఒక వంతు, అంటే 33 లీటర్లకు ఓ 40 మిల్లీలీటర్ల లోపు, చిన్న టీ గ్లాసులో సగం. అంత కొంచెం నలిగిన వస్తువులో దాగే శక్తి కూడా కొంచెమే. సుమారు 50 జౌళ్లు వస్తుంది, ఐదు కిలోల సంచిని నేల మీంచి ఒక మీటరు ఎత్తడానికి పట్టేంత. సాగిన ఉక్కులో ఉండే శక్తి కలుపుకున్నా ఇంచుమించు దానికి రెట్టింపు, అంతే. అందువల్ల పరీక్షలో బండ చీలిపోయినా నీళ్లు బుస్సుమని చిమ్మి ఆగిపోతాయి, పక్కన మనిషి తడుస్తాడు. ఇప్పుడు అదే బండలో అదే ఒత్తిడికి గాలి నింపండి. గాలి స్ప్రింగులా నలిగి కూర్చుంటుంది. గోడ చీలగానే పాతిక రెట్ల ఒత్తిడి నుంచి బయటి ఒత్తిడికి వ్యాకోచిస్తుంది, బయటపడే శక్తి లక్ష జౌళ్లు దాటుతుంది. ఒక టన్ను కారును నాలుగో అంతస్తు ఎత్తుకు లేపేంత! ఒత్తిడి అదే, బండ అదే, ఒత్తిడి కొలిచే మీటరు ముల్లు చూపించే అంకె కూడా అదే, కానీ ఒక దాంట్లో సంచి ఎత్తే శక్తి, ఇంకో దాంట్లో కారు ఎత్తే శక్తి. బడిలో మనకు ఒత్తిడి అంటే బలం బై వైశాల్యం అని చెప్పి సూత్రం రాయించి వదిలేశారు. ఒత్తిడి వేరు, అందులో దాచుకున్న శక్తి వేరు అని ఈ ఒక్క ఉదాహరణతో చెప్పి ఉంటే ఎంతమంది పిల్లలకు ఎక్కేదో అనిపిస్తుంది.

గాలి పరీక్ష కూడా ఉంది, కాకపోతే తర్వాత. నీళ్ల పరీక్షలో నెగ్గిన బండను ఆరబెట్టి, వాల్వు బిగించి, దాదాపు సగం ఒత్తిడికి గాలి నింపి నీళ్ల తొట్టెలో ముంచుతారు. బుడగలు వస్తే ఎక్కడో సన్నటి లీకు ఉన్నట్టు. గోడ గట్టిదని ముందే నీళ్లతో తేలింది కాబట్టే ఇప్పుడు గాలి నింపడానికి ధైర్యం.

ఇంత గట్టి బండ ఎందుకు బలహీనపడుతుంది? ప్రధాన కారణం తుప్పు, అదీ ఎక్కువగా అడుగున. బండ కింద నిలబడే రింగు ఉంటుంది చూడండి, ఆ రింగుకూ గుండ్రటి అడుగుకూ మధ్య సందులో తేమ చేరుతుంది. వంటిల్లు కడిగిన నీళ్లు, తడి గచ్చు, గోడౌను మట్టి అన్నీ అక్కడికే. పైన రంగు నిగనిగలాడుతూ ఉండొచ్చు, అడుగున మాత్రం ఉక్కు పొరలు పొరలుగా లేచిపోతుంటుంది. లోపలి ఒత్తిడి మారదు, దాన్ని మోసే ఉక్కే తగ్గుతుంది. గోడ సగం పలచబడితే ఆ చోట ఉక్కు మీద పడే లాగుడు రెండింతలవుతుంది. అందుకే పరీక్షకు వచ్చిన బండను తూకం కూడా వేస్తారు. ఖాళీ బండ బరువు ఆ పట్టీల మీదే రాసి ఉంటుంది, 15, 16 కిలోల దగ్గర. అందులో ఐదు శాతానికి మించి తగ్గితే బండను తుక్కు కింద తీసేయాలని నియమం. 16 కిలోల బండకు అది 800 గ్రాములు. అంత ఉక్కు తుప్పుగా రాలిపోయిందంటే ఎక్కడ ఎంత పలచబడిందో చెప్పలేం.

ఇక చెల్లి ఫోటో దగ్గరికి వద్దాం. అక్షరం ఎందుకు తికమక పెట్టిందంటే, ఈ కోడ్‌ను అచ్చు రేకు పెట్టి రంగు కొట్టి వేస్తారు. D లాంటి అక్షరాన్ని రేకులో కోయాలంటే మధ్యలో ఉండే ముక్క ఊడిపోకుండా చిన్న వంతెనలా కాస్త రేకు వదిలేయాలి. రంగు కొట్టాక ఆ వంతెన చోట ఖాళీ కనబడుతుంది. D బొజ్జకు సరిగ్గా మధ్యలో ఖాళీ పడి, అంచున కాస్త రంగు కారితే, అది నడుము ఉన్న B లాగా కనిపిస్తుంది. దానికి తోడు చెల్లి కొత్త బండకు పసుపు కుంకుమ పెట్టింది, ఆ బొట్టు కాస్తా పట్టీ మీదే పడింది. మా అమ్మ కూడా పెడుతుంది, పెట్టుకోండి, కానీ పట్టీల మీద వద్దు, బండ ఒంటి మీద పెట్టండి.

"తడి గుడ్డతో తుడిచి, టార్చ్ లైటు పక్క నుంచి పడేలా పట్టుకుని ఇంకోటి తియ్యి. వెనక కెమెరాతోనే తియ్యి, మిగతా రెండు పట్టీలు కూడా తియ్యి" అన్నాను. సెల్ఫీ కెమెరా ఒక్కోసారి బొమ్మను అద్దంలోలా తిప్పేస్తుంది. ఇంకో ప్రమాదం, బండ మీంచి వంగి తీసిన ఫోటో తలకిందులుగా వస్తే 26 కాస్తా 92 అవుతుంది. అప్పుడు అంకెల్ని నమ్మొద్దు, అక్షరాన్ని చూడండి. A కొన కింద ఉన్నా, B, C, D లు ఎడమ వైపుకు తిరిగి ఉన్నా ఫోటో తిప్పాలి.

రెండో ఫోటోలో మూడో పట్టీ మీద ఉక్కులోకే గుద్దిన అంకెలు కనబడ్డాయి, 12-2015. తయారైన నెల, సంవత్సరం. కొత్త బండకు మొదటి పరీక్ష పదేళ్లకు. 2015 డిసెంబరుకు పదేళ్లు కలిపితే 2025 డిసెంబరు, అది D లో పడుతుంది. B పడే దారే లేదు. రంగు చెరిగినా ఉక్కులో గుద్దినది చెరగదు కాబట్టి ఈ లెక్క నాకు పెద్ద ఊరట. కానీ ఇది ఒక్కసారి కూడా మళ్లీ పరీక్షకు వెళ్లని బండకే పనికొస్తుంది. తర్వాతి పరీక్షలు ఐదేళ్లకోసారి, ఆ గడువు పరీక్ష జరిగిన నెల నుంచి మొదలవుతుంది, అందువల్ల తయారీ నెలతో అక్షరం కలవకపోవచ్చు.

"అయితే వాడుకోవచ్చా?" అంది. వాడుకో అన్నాను. ఒకవేళ B అని తేలి ఉంటే వాపసు ఇచ్చి వేరేది అడగమనేవాణ్ణి. అందుకే ఈ చూడటం గుమ్మం దగ్గరే, డెలివరీ అబ్బాయి ఉండగానే అయిపోవాలి, పావు నిమిషం పని.

అయితే D-25 చెప్పనిది కూడా ఒకటుంది. అది ఉక్కు గోడ గురించి మాత్రమే మాట్లాడుతుంది. వాల్వు లోపల గ్యాస్‌ను ఆపే చిన్న రబ్బరు బిళ్ల నిన్న చిట్లి ఉండొచ్చు, ఆ సంగతి ఆ కోడ్‌కు తెలియదు. దానికి వేరే పరీక్ష, మూత తీసి వాల్వు నోట్లో నాలుగు చుక్కలు నీళ్లు వేసి చూడటమే. చెల్లి వేసి చూసింది. రెండు నిమిషాలాగి మెసేజ్ పెట్టింది: "బుడగలు వస్తున్నాయి అన్నయ్యా."

తేదీ ఉన్న బండే. మూత మళ్లీ గట్టిగా పెట్టించి, కిటికీలు తెరిపించి, ఏజెన్సీకి ఫోన్ చేయించాను. సాయంత్రానికి ఇంకో బండ వచ్చింది. ఈసారి గుమ్మంలోనే మూడు పట్టీలూ ఫోటో తీసి, నీళ్ల చుక్కలు కూడా వేసి చూశాకే లోపలికి తెచ్చుకుంది. దాని మీద A-29 అని ఉంది.